పిల్లల జ్వరం సిరప్ సీసా మీద ఇంగ్లీష్‌ల ఏం రాసుంటది, దాన్ని ఎట్ల చదవాలె, డోసు మాట దగ్గర ఎందుకు ఆగి చూడాలె

మెడికల్ షాపు కౌంటర్ వెనకాల నిలబడి చూస్తే ఒక సంగతి రోజూ కనిపిస్తది. దేవరకొండ దిక్కు నుంచో అచ్చంపేట దిక్కు నుంచో వచ్చిన అవ్వ ఖాళీ సీసా ఒకటి కొంగుల నుంచి తీసి "బిడ్డా, గిదే మందు ఇయ్యి, పోయినసారి మనుమనికి గిదే పోసిన, జ్వరం తగ్గింది" అంటది. సీసా రంగు అదే, లోపల మందు గూడ నారింజ రంగే, కానీ పోయినసారిది వేరే బలం, ఇప్పుడు షాపుల ఉన్నది వేరే బలం. అవ్వకు ఇంగ్లీష్ రాదు, కొడుకు కోడలు పుణెల పనికి పోయిన్రు, పిల్లగాడు అవ్వ దగ్గరనే. మరి ఆ సీసా మీద ఏమున్నదో ఎవరు చూడాలె?

అందుకే ఇక్కడ అన్ని మందుల గురించి చెప్పను. పిల్లల జ్వరం మందు, అంటే పారాసిటమాల్ సీసా, దాన్ని ఒక్కదాన్నే పట్టుకొని మొదటి నుంచి చివరిదాకా చదువుదాం. ఎందుకంటే లేబుల్ తప్పు చదివితే ఎక్కువ తేడా కొట్టేది ఈ సీసా దగ్గరనే, పైగా ఈ మందు లేని ఇల్లు ఉండదు. చివర్ల పెద్దోళ్ల గోలీ ఒకదాని గురించి గూడ చెప్త, అది ఇంకో రకం ప్రమాదం.

ఇంగ్లీష్ పూర్తిగ రావాల్సిన పని లేదు. అంకెలు మనం ఫోన్ల చూసే అంకెలే. ఆ అంకెల పక్కన ఉండే రెండు మాటలు గుర్తు పడితే చాలు, ఒకటి ఎంజీ, ఇంకొకటి ఎమ్మెల్. ఎంజీ అంటే మందు ఎంత ఉన్నదనేది, ఎమ్మెల్ అంటే సీసాల ఉన్న ద్రవం ఎంత పోస్తున్నమనేది. ఈ రెండిట్ల ఏది ఏందో కలగాపులగం అయితేనే సగం తప్పులు జరుగుతయి.

మొదలు: ఏ అంకె చూడాలె, ఏ అంకె వదిలెయ్యాలె

సీసా ముందు దిక్కు పెద్దగ కంపెనీ పెట్టిన పేరు ఉంటది. దాని దగ్గర్లనే అసలు మందు పేరు, పారాసిటమాల్ ఓరల్ సస్పెన్షన్ ఐపీ అనో, పీడియాట్రిక్ డ్రాప్స్ అనో ఉంటది. 2018 నుంచి అసలు మందు పేరు కంపెనీ పేరు కంటే కొంచెం పెద్ద అక్షరాలల్ల ఉండాలె అని రూల్ వచ్చింది, కాబట్టి వెతకడం ఇప్పుడు ముందటంత కష్టం కాదు. ఐపీ అంటే ఇండియన్ ఫార్మకోపియా, మన దేశం మందుల ప్రమాణం, దానికీ డోసుకూ సంబంధం లేదు. గవర్నమెంట్ దవాఖాన సీసా అయితే చాలా వరకు కంపెనీ పేరు ఉండదు, నేరుగ మందు పేరే ఉంటది, అది చదవడానికి ఇంకా సుఖం.

ఇప్పుడు సీసా తిప్పుర్రి. పక్కకు చిన్న అక్షరాలల్ల కంపోజిషన్ అని ఉంటది, దాని కింద "ఈచ్ 5 ఎమ్మెల్ కంటైన్స్" అని ఒక లైను, దాని కింద "పారాసిటమాల్ ఐపీ 120 ఎంజీ" అని ఇంకో లైను. మొత్తం సీసాల మనకు కావాల్సింది ఈ రెండు లైన్లే. మొదటి లైను చెప్పేది ఏందంటే ఈ మందు 5 ఎమ్మెల్ తీసుకుంటే, రెండో లైను చెప్పేది అందుల 120 ఎంజీ పారాసిటమాల్ ఉంటది అని. రెండూ కలిపి చదవాలె, ఒక్కటి చదివితే అసలు ఏం తెల్వదు. 120 అని మాత్రం చదివి వదిలేస్తే, ఎంతల 120 అనేది తెల్వనట్టే.

మిగతా అంకెలన్నీ వేరే పనికి ఉన్నయి. కింద మూలకు 60 ఎమ్మెల్ అని ఉంటే అది సీసాల మొత్తం ఎంత ఉన్నదని, డోసు కాదు. 30 డిగ్రీల కింద పెట్టాలె అని ఒకటి ఉంటది, అది దాచే సంగతి, మన పాలమూరు ఎండల రేకుల ఇంట్ల కిటికీ పక్కన పెట్టకుర్రి అన్నట్టు. బ్యాచ్ నంబర్, లైసెన్స్ నంబర్, ఎమ్మార్పీ, ఇవి డోసుకు సంబంధం లేనివి. ఎక్స్‌పైరీ దగ్గర నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజుదాకా అని అర్థం.

ఇంకోటి, కంపెనీ పేరు వెనకాల ఉండే 250, డీఎస్, ఫోర్ట్, ప్లస్ లాంటి తోకలు. అవి ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగ పెట్టుకుంటది, ఒక కంపెనీ డీఎస్ అంటే 5 ఎమ్మెల్‌ల 240 ఎంజీ కావచ్చు, ఇంకో కంపెనీది 250 కావచ్చు, ప్లస్ అంటే ఇంకో మందు కలిపిన్రు అనే కావచ్చు. తోక చూసి నిర్ణయం తీసుకోవద్దు, కంపోజిషన్ లైనే చూడాలె.

అసలు లెక్క: ఒకే పిల్లగాడు, మూడు సీసాలు

10 కిలోల పిల్లగాడు అనుకుందాం, ఏడాది దాటిన పిల్లలు చాలామంది ఆ బరువు దగ్గర ఉంటరు. పారాసిటమాల్ పిల్లలకు వయసుతోటి కాదు, బరువుతోటి లెక్క, ఒక్కసారికి కిలోకు 10 నుంచి 15 ఎంజీ. 15 తీసుకుంటే ఈ పిల్లగానికి ఒక్కసారికి 150 ఎంజీ. డాక్టర్ లెక్క గూడ ఇదే, ఆయన మనసుల లెక్క కట్టి చీటీ మీద ఎమ్మెల్ రాస్తడు.

మన షాపులల్ల ఈ మందు మామూలుగ మూడు బలాలల్ల దొరుకుతది. మొదటిది 5 ఎమ్మెల్‌కు 120 ఎంజీ, గవర్నమెంట్ దవాఖానల 125 గూడ ఉంటది, రెండూ దాదాపు ఒకటే. దీంట్ల 150 ఎంజీ కావాలంటే 6 ఎమ్మెల్ దాటి కొంచెం, అంటే 6 పోస్తే సరిపోతది. రెండోది 5 ఎమ్మెల్‌కు 250 ఎంజీ, దీంట్ల అదే పిల్లగానికి 3 ఎమ్మెల్ చాలు. మూడోది డ్రాప్స్, చిన్న సీసా, దీని మీద "ఈచ్ ఎమ్మెల్ కంటైన్స్ పారాసిటమాల్ 100 ఎంజీ" అని ఉంటది, అంటే 1 ఎమ్మెల్‌లనే 100 ఎంజీ, దీంట్ల ఒకటిన్నర ఎమ్మెల్ చాలు.

ఇక్కడ జర ఆగుర్రి. డ్రాప్స్ సీసా మీద 100, సిరప్ సీసా మీద 120 అని కనిపిస్తది, చూసెటోళ్లకు డ్రాప్స్ తక్కువ బలం అనిపిస్తది, సీసా గూడ చిన్నది, చిన్న పిల్లలకు ఇచ్చేది, కాబట్టి మెత్తటి మందు అనుకుంటరు. అసలు సంగతి పూర్తిగ ఉల్టా. సిరప్‌ల 120 ఎంజీ 5 ఎమ్మెల్‌ల పరుచుకొని ఉంటది, డ్రాప్స్‌ల 100 ఎంజీ ఒక్క ఎమ్మెల్‌లనే ఉంటది, అంటే డ్రాప్స్ నాలుగింతలకు మీదికే చిక్కగ ఉన్నట్టు. ఇంకో తీరుగ చూసినా తెలుస్తది, 15 ఎమ్మెల్ డ్రాప్స్ సీసా మొత్తంల 1500 ఎంజీ మందు ఉంటది, 60 ఎమ్మెల్ సిరప్ సీసా మొత్తంల 1440 ఎంజీ ఉంటది. బొటనవేలంత సీసాల ఆ పెద్ద సీసా కంటే ఎక్కువ మందు ఉన్నది.

ఇప్పుడు అవ్వ సంగతికి వద్దాం. పోయినసారి 120 సిరప్ 6 ఎమ్మెల్ పోసింది, "పెద్ద గీత దాటి కొంచెం" అని గుర్తు పెట్టుకుంది. ఈసారి ఇంట్ల 250 సీసా ఉంటే అదే 6 ఎమ్మెల్‌ల 300 ఎంజీ పోతది, డబుల్. డ్రాప్స్ సీసా నుంచి అదే 6 ఎమ్మెల్ పోస్తే 600 ఎంజీ, నాలుగింతలు. ఉల్టా గూడ జరుగుతది, డ్రాప్స్‌కు చెప్పిన ఒకటిన్నర ఎమ్మెల్ గుర్తు పెట్టుకొని 120 సిరప్‌ల నుంచి అంతే పోస్తే 36 ఎంజీ, అది పిల్లగానికి ఏ మూలకూ సరిపోదు, జ్వరం దిగదు, ఇంట్లోళ్లు మందు పని చేస్తలేదు అని రాత్రికి రాత్రి బండి మీద జిల్లా దవాఖానకు ఉరుకుతరు.

కాబట్టి ఎన్ని ఎమ్మెల్ పొయ్యాలె అనేది ఏ సీసాకు చెప్పింది ఆ సీసాకే. సీసా మారితే ఆ ఎమ్మెల్ అంకె పనికిరాదు. షాపాయన "అదే లేదు, ఇదైనా సేమ్ మందే" అంటే మందు సేమే కావచ్చు, కానీ "అన్నా, 5 ఎమ్మెల్‌కు ఎంత ఎంజీ ఉన్నది ఇందుల, పాతదాంట్ల ఎంత ఉండె" అని అడుగుర్రి, రెండు అంకెలు వేరు అయితే "మరి ఎన్ని ఎమ్మెల్ పొయ్యాలె" అని గూడ అక్కడనే అడిగి రాయించుకోవాలె. అడిగితే చిన్నతనం ఏం లేదు, చెప్పుడు వాళ్ల పనే.

తప్పు జరుగుతుందా లేదా అని ఇంట్లనే కనిపెట్టడానికి ఒక మంచి గుర్తు ఉన్నది, సీసా ఎన్ని రోజులు వస్తుందో చూడుడే. మన 10 కిలోల పిల్లగానికి రోజుకు నాలుగు సార్లు ఇచ్చినా 120 సిరప్ రోజుకు 24 ఎమ్మెల్, 60 ఎమ్మెల్ సీసా రెండున్నర రోజులు వస్తది. డ్రాప్స్ రోజుకు 6 ఎమ్మెల్, 15 ఎమ్మెల్ సీసా గూడ రెండున్నర రోజులే. 250 సీసా అయితే ఐదు రోజులు. పొద్దున తెచ్చిన డ్రాప్స్ సీసా రాత్రికల్లా అడుగంటితే ఎక్కడో కొలత తప్పినట్టే, వెంటనే ఆపి డాక్టర్‌కు చెప్పాలె.

కొలిచేటప్పుడు

చక్కెర డబ్బాల చెంచా వాడకుర్రి. ఒక ఇంట్ల చెంచాల 3 ఎమ్మెల్ పడితే ఇంకో ఇంట్ల చెంచాల 7 ఎమ్మెల్ పడ్తది. సీసా మీద టీస్పూన్‌ఫుల్ అని రాసి ఉంటే దాని అర్థం 5 ఎమ్మెల్, మన ఇంట్ల చెంచా అని కాదు.

సిరప్ సీసా మూత మీద ఒక గీతల కప్పు ఇస్తరు, అందుల 2.5, 5, 10 లాంటి గీతలు ఉంటయి, అవి పారదర్శకంగ ఉంటయి కాబట్టి దీపం వెలుతురుల సరిగ్గ కనిపించవు, కప్పును బండ మీద పెట్టి, మనం వంగి కంటికి సమానంగ చూసి పొయ్యాలె, చేతిల పట్టుకొని పైనుంచి చూస్తే గీత తప్పుతది. 3 ఎమ్మెల్ లాంటి కొలతకు కప్పు కంటే సూది లేని 5 ఎమ్మెల్ సిరంజి మేలు, షాపుల దొరుకుతది, దాని మీద చిన్న గీత ఒక్కోటి 0.2 ఎమ్మెల్, మందు పిల్లగాని చెంప లోపలి దిక్కు మెల్లగ వదలాలె, గొంతుల కొట్టొద్దు.

డ్రాప్స్ సీసాతోటి వచ్చే డ్రాపర్‌ను ఇంకో మందుకు వాడొద్దు. డ్రాప్స్ అని పేరు చూసి చుక్కలు లెక్కబెట్టెటోళ్లు గూడ ఉన్నరు. డాక్టర్ 1 ఎమ్మెల్ అంటే డ్రాపర్ మీద 1 గీతదాకా అని, ఒక చుక్క అని కాదు. నీళ్లయితే 20 చుక్కల దగ్గర ఒక ఎమ్మెల్ అయితది, ఈ మందు చిక్కగ ఉంటది కాబట్టి ఆ లెక్క గూడ నడవదు.

షేక్ వెల్ బిఫోర్ యూజ్ అని రాసి ఉంటది, మంచిగ ఊపి వాడాలె అని. సస్పెన్షన్ల మందు పొడి అడుగుకు దిగుతది. ఊపకుండ పోస్తే మొదటి రెండు రోజులు పలచటి మందు పోతది, చివర్ల చిక్కటిది పోతది, కొలత సరిగ్గనే ఉన్నా డోసు తప్పుతది.

అమెరికా నుంచి వచ్చిన సీసా

నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు ఇంటికొకరు బయట దేశంల ఉన్నట్టే, వాళ్లు వచ్చేటప్పుడు పిల్లల మందులు గూడ తెస్తరు, "అమెరికాది కదా మంచిగ ఉంటది" అని అల్మారల దాస్తరు. ఆ సీసా మీద పారాసిటమాల్ అనే మాట వెతికితే దొరకదు. అక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటరు, మందు ఒక్కటే. ఈ సంగతి తెల్వక అదొకటి, మనదొకటి, రెండూ పోసిన ఇండ్లు ఉంటయి, రెండు వేరే మందులు అనుకొని.

అక్కడి బలం గూడ వేరే, 5 ఎమ్మెల్‌కు 160 ఎంజీ. మన 10 కిలోల పిల్లగానికి నాలుగున్నర ఎమ్మెల్ చాలు. వాళ్ల దగ్గర గూడ ముందట చిన్న పిల్లలకు చిక్కటి డ్రాప్స్ వేరే ఉండె, సిరప్ వేరే ఉండె, జనం తారుమారు చేస్తున్నరని 2011ల కంపెనీలు ఆ చిక్కటి డ్రాప్స్ ఆపేసి పసిపిల్లలకు గూడ 160నే పెట్టినయి. మన దగ్గర ఆ తీరు లేదు, మూడు బలాలూ ఒకే అలమరల పక్కపక్కన ఉంటయి.

ఆ సీసా డబ్బా మీద ఒక పట్టిక ఉంటది, ఇంత బరువుకు ఇన్ని ఎమ్మెల్ అని. ఆ బరువు పౌండ్లల్ల ఉంటది, కిలోలల్ల కాదు. 24 పౌండ్లు అంటే 11 కిలోల లోపే. 24 అంకె చూసి కిలోలు అనుకుంటే మీ పిల్లగాని లైను కాకుండ వేరే లైను చదువుతరు. అక్కడి తారీఖుల నెల ముందు వస్తది, రోజు తర్వాత, ఎక్స్‌పైరీ చూసేటప్పుడు అది గూడ గుర్తుంచుకోవాలె.

రెండో సీసాల గూడ అదే మందు ఉన్నదా

జ్వరంతోటి పాటు ముక్కు కారుతుంటే జలుబు సిరప్ ఇంకోటి తెస్తరు. దాని కంపోజిషన్ గూడ చదవాలె. జలుబు సిరప్‌ల కంపోజిషన్ కింద మామూలుగ రెండు మూడు పేర్లు ఉంటయి, క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్, వాటితోటి చాలా సీసాలల్ల పారాసిటమాల్ గూడ. పేరు వరుసల పారాసిటమాల్ అని కనిపిస్తే, మీరు జ్వరం సిరప్ గూడ పోస్తున్నరు అంటే ఒకే మందు రెండు సీసాల నుంచి పోతున్నట్టు, రెండూ కలిపి లెక్క పెట్టాలె, లేకపోతే ఒకటి ఆపాలె. ఏది ఆపాలె అనేది డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగాలె. పైగా క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేండ్ల లోపు పిల్లలకు వాడొద్దు అని లేబుల్ మీద రాయాలె అని 2023 డిసెంబర్‌ల కేంద్ర మందుల కంట్రోలర్ కంపెనీలకు చెప్పింది. ఏడాది పిల్లగానికి అన్నకు తెచ్చిన జలుబు సీసానే పోసుడు ఇంట్లల్ల మామూలు, అది వద్దు.

పొడి సీసా, అంటే డ్రై సిరప్ గురించి రెండు మాటలే చెప్త. యాంటీబయాటిక్ సీసాల పొడి ఉంటది, మనం నీళ్లు కలపాలె. దాని మీద "ఈచ్ 5 ఎమ్మెల్ ఆఫ్ రీకాన్‌స్టిట్యూటెడ్ సస్పెన్షన్" అని ఉంటది, అంటే నీళ్లు కలిపినంక 5 ఎమ్మెల్ అని. కాచి చల్లార్చిన నీళ్లు గీతదాకా పొయ్యాలె, ఊపినంక నురుగు దిగి మట్టం కిందికి పోతే మళ్ల గీతదాకా నింపాలె. తక్కువ పోస్తే ప్రతి డోసు చిక్కగ పోతది. కలిపినంక సీసా మీద ఉన్న ఎక్స్‌పైరీ పని చెయ్యదు, కలిపిన తర్వాత ఎన్ని రోజులు అని వేరే రాసి ఉంటది, అమాక్సిసిలిన్ క్లావులానేట్ లాంటిదానికి ఫ్రిజ్‌ల పెట్టి 7 రోజులు. మిగిలితే దాచి పెట్టకుర్రి.

డోసు అని రాసిన దగ్గర ఏముంటది

ఇంత చదివినంక డోసేజ్ అని ఉన్న లైను దగ్గరికి వస్తే, మన దేశం సీసాల మీద ఎక్కువగ ఒకటే మాట, "యాజ్ డైరెక్టెడ్ బై ద ఫిజీషియన్". డాక్టర్ చెప్పినట్టు అని. అంటే లేబుల్ మొత్తం చదివినా ఎంత పొయ్యాలె, ఎన్నిసార్లు పొయ్యాలె అనేది అందుల దొరకదు. అది చీటీ మీదనే ఉంటది, లేకపోతే డాక్టర్ నోటి మాటల. చీటీ పోతే డోసు పోయినట్టే. అందుకే చీటీ ఫోటో తీసి ఇంట్ల ఇద్దరి ఫోన్లల్ల పెట్టుకోవాలె, ముఖ్యంగ పిల్లగాని అమ్మ వేరే ఊర్ల ఉంటే.

చీటీ మీద పొట్టి అక్షరాలు ఉంటయి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ లేదా టీఐడీ మూడుసార్లు, క్యూఐడీ నాలుగుసార్లు, హెచ్ఎస్ పండుకునే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరం పడితేనే. 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. జ్వరం మందు పక్కన ఎస్ఓఎస్ ఉంటే జ్వరం ఉన్నప్పుడే ఇవ్వాలె. టీడీఎస్ అనుకొని జ్వరం లేకున్నా మూడు పూటలు పోస్తున్నోళ్లు శానమంది.

చుక్కతోటి జాగ్రత్త. డాక్టర్ 2.5 అని రాస్తే చుక్క మడత మీద పడి కనిపించకపోతే 25 అయితది. పసిపిల్లకు సున్నా రాయకుండ .5 అని రాస్తే 5 అని చదువుతరు. అనుమానం వస్తే అంకె పైన వేలు పెట్టి "సార్, ఇది అర ఎమ్మెల్లా, ఐదు ఎమ్మెల్లా" అని నోటితోటి అడగాలె, ఆయన నోటితోటి చెప్పించుకోవాలె.

ఇక దాన్ని తెలుగుల చెప్పేటప్పుడు. చీటీల "ఎవ్రీ 6 అవర్స్" అని ఉంటే చదువుకున్న పోరడు అవ్వకు "ఆరు గంటలకు ఒకసారి వెయ్యి" అని చెప్పి కాలేజీకి పోతడు. అవ్వ సాయంత్రం ఆరు గొట్టంగనే ఒకసారి పోస్తది, అంతే. ఆమె తప్పేం లేదు, ఆ మాటకు ఆ అర్థం గూడ ఉన్నది. "ప్రతి ఆరు గంటలకు" అని చెప్పినా తిప్పలే, రాత్రి లేపాల్నా వద్దా అని అడుగుతది. మంచిగ చెప్పాలంటే గడియారం టైములతోటి చెప్పాలె, పొద్దున 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 12, జ్వరం ఉంటేనే, పండుకున్న పిల్లగాడు హాయిగ ఉంటే లేపొద్దు. దీనితోటి పాటు ఇంకొకటి చెప్పకపోతే లెక్క సగమే అయితది, 24 గంటలల్ల నాలుగుసార్ల కంటే ఎక్కువ వద్దు, రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలె. తెలుగుల చెప్పేటప్పుడు మనం ఎన్నిసార్లు అనేది చెప్తం, గరిష్ఠం ఎంత అనేది వదిలేస్తం, అసలు ప్రమాదం అక్కడనే.

సీసాకు తెల్ల ప్లాస్టర్ అంటించి పెద్ద అక్షరాలల్ల తెలుగుల రాయుర్రి. మన 10 కిలోల పిల్లగాని 250 సీసా మీద ఇట్ల ఉండాలె: "చిన్నోడు, 10 కిలోలు. జ్వరం మందు. 3 ఎమ్మెల్, సిరంజితోటి. జ్వరం ఉంటేనే. రోజుకు నాలుగుసార్లకు మించి వద్దు. వేరే సీసాకు ఈ కొలత కాదు." రాసేటప్పుడు లేబుల్ మీద కంపోజిషన్, ఎక్స్‌పైరీ కప్పేయకుర్రి, సీసా వెనక దిక్కు అంటించాలె. చదువు రాని అవ్వకు సిరంజి మీదనే 3 దగ్గర మార్కర్‌తోటి గీత పెట్టి, "ఈ గీతదాకా" అని చూపించి, ఆమెతోటి ఒకసారి నీళ్లు తీయించి చూడాలె. ఆమె తీసిన నీళ్లు గీత దగ్గర ఆగినయా లేదా చూస్తేనే అర్థమైందా లేదా తెలుస్తది.

వారానికి ఒకటి అనే గోలీ

పిల్లల మందుల అంకె తప్పితే ప్రమాదం అని చూసినం. పెద్దోళ్ల గోలీల ఒక్క మాట తప్పితే అంతకంటే ప్రమాదం అయ్యేది ఒకటున్నది, మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఇస్తరు. 2.5, 5, 7.5, 10 ఎంజీ గోలీలు ఉంటయి. ఈ జబ్బులకు దీన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలె. చీటీల వన్స్ వీక్లీ అని ఉంటది. కానీ బీపీ గోలీ రోజూ, షుగర్ గోలీ రోజూ వేసుకునే అలవాటు ఉన్న తాత దీన్ని గూడ రోజూ వేసుకుంటడు, ఎందుకంటే స్ట్రిప్ చూడ్డానికి మిగతా వాటి లెక్కనే ఉంటది. రోజూ వేసుకుంటే నోట్ల పుండ్లు లేస్తయి, జ్వరం వస్తది, రక్తకణాలు పడిపోతయి, ప్రాణం పోయిన కేసులు గూడ ఉన్నయి.

దీనితోటి ఫోలిక్ యాసిడ్ గోలీ వేరే ఇస్తరు, అది మెథోట్రెక్సేట్ వేసుకోని రోజుల్ల. చీటీల రెండూ పక్కపక్కనే ఉంటయి, రెండూ చిన్న గోలీలే, అక్కడనే తారుమారు అయితది. చెయ్యాల్సింది ఏందంటే డాక్టర్‌తోటి వారం పేరు చెప్పించుకోవాలె, ఆదివారం అంటే ఆదివారం, స్ట్రిప్ మీద "ఆదివారం ఒక్కరోజే" అని మార్కర్‌తోటి తెలుగుల రాయాలె, షాపుల ఒక నెలకు సరిపోయే గోలీలే అడగాలె. షాపాయన స్ట్రిప్ కత్తిరించి ఇస్తే పేరు, ఎంజీ, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క మనకు రావాలె, అడిగి తీసుకోవాలె. ఒక్కోపాలి ఆ అంచు ముక్క షాపుల మిగిలి, మన ఇంటికి ఉత్త వెండి రేకు వస్తది, నెల గడిచినంక అది ఏం గోలీ అనేది ఎవలూ చెప్పలేరు.

ఎక్కువ పడ్డది అని అనుమానం వస్తే

పారాసిటమాల్ ఎక్కువైతే పిల్లగాడు వెంటనే పడిపోడు, అదే దీంతోటి తిప్పలు. మొదటి రోజు ఏం కనిపించకపోవచ్చు, లేకపోతే కొంచెం వాంతులు, ఆకలి లేకపోవుడు అంతే. ఒకటి రెండు రోజులు గడిచినంక లివర్ దెబ్బతిన్న గుర్తులు కనిపిస్తయి, కడుపు కుడి దిక్కు నొప్పి, కండ్లు పచ్చగ అవుడు. నాలుగింతల డోసు ఒక్కసారి పడితే చాలామంది పిల్లలకు పెద్ద ప్రమాదం కాకపోవచ్చు, కానీ అదే తప్పు రోజంతా జరిగి డ్రాప్స్ సీసా ఒక్క రోజులనే ఖాళీ అయితే 1500 ఎంజీ, కిలోకు 150 అయినట్టు, అప్పుడు లివర్‌కు నిజంగనే ముప్పు. ఆడుకుంటున్నడు కదా అని కూర్చోవద్దు. వాంతి చేయించే ప్రయత్నం ఇంట్ల చెయ్యకుర్రి. సీసా, కొలిచిన కప్పు లేదా సిరంజి, చీటీ మూడూ సంచిల వేసుకొని 108కు ఫోన్ చేసి పెద్ద దవాఖానకు పోవాలె, ఊరి ఆర్ఎంపీ దగ్గర ఆగొద్దు. దీనికి విరుగుడు మందు ఉన్నది, ఎసిటైల్‌సిస్టీన్ అంటరు, ఎక్కువ పడ్డ 8 గంటల లోపు మొదలుపెడితే బాగ పని చేస్తది. డాక్టర్ అడిగేవి నాలుగే ఉంటయి, ఏ సీసా, ఒక్కసారికి ఎన్ని ఎమ్మెల్, ఎన్నిసార్లు, చివరిసారి ఎన్ని గంటలకు. సీసా చేతుల ఉంటే మొదటిదానికి జవాబు లేబులే చెప్తది, మిగతా మూడు పోసిన మనిషి చెప్పాలె, కాబట్టి అవ్వ ఏడ్చినా గాని ఆమెను గూడ బండ్ల ఎక్కించుకొని పోవాలె.

మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరం వస్తే ఈ లెక్కలు ఏవీ ఇంట్ల కట్టొద్దు, సీసా మూత తియ్యకుండ సీదా దవాఖానకే.